పన్నెండు పేజీల పేపర్ రెండు పేజీల్లో పట్టాలంటే: నా అనుభవం

ఒక కాన్ఫరెన్స్ వాళ్ళ కాల్, అంటే పేపర్లు పంపమన్న ప్రకటన, ఫిబ్రవరి 3న మా కంట పడింది. ఎక్స్‌టెండెడ్ అబ్‌స్ట్రాక్ట్, రెండే రెండు పేజీలు, డబుల్ కాలమ్. బొమ్మలు, పట్టికలు, రిఫరెన్సులు అన్నీ ఆ రెండింట్లోనే. మూడో పేజీలోకి ఒక్క లైను జారినా రివ్యూకి పంపకుండానే తిప్పి పంపుతామని రాశారు. మార్జిన్లు, అక్షరాల సైజు, లైన్ల మధ్య ఎడం ముట్టుకున్నా అంతేనట. గడువు 28. మా చేతిలో ఉన్నది జర్నల్ కోసం రాసుకున్న పన్నెండు పేజీల పేపర్.

పేపర్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. తిరిగే యంత్రాల్లో బేరింగ్ పాడవుతుంటే దాని కంపనంలో తేడా కనిపిస్తుంది. ఆ కంపనాన్ని రికార్డు చేసి, సెకనులో చిన్న భాగమంత ముక్కలుగా కోసి, ఏ ముక్క మంచి బేరింగ్‌ది, ఏది పాడైనదానిది అని మోడల్‌కి నేర్పిస్తారు. మా పేపర్లో మూడు విషయాలున్నాయి. ఒకటి, కొత్త న్యూరల్ నెట్‌వర్క్. రెండు, చుట్టూ రొద ఉన్నా అది పనిచేస్తుందని చూపే ప్రయోగాలు. మూడోది డేటా పంపకం గురించి. ముక్కలన్నీ ఒక కుప్పలో పోసి, కలిపి, కొన్ని ట్రైనింగ్‌కి, కొన్ని టెస్ట్‌కి పంచితే ఒకే బేరింగ్ ముక్కలు రెండు వైపులా పడతాయి. అప్పుడు మోడల్ లోపాన్ని కాకుండా ఆ బేరింగ్‌నే గుర్తుపట్టి మార్కులు కొట్టేస్తుంది. బేరింగ్ వారీగా విడదీసి, టెస్ట్‌లో ఉన్న బేరింగ్ ట్రైనింగ్‌లో అసలు లేకుండా చూస్తే మార్కులు బాగా పడిపోతాయి.

పని మొదలుపెట్టే ముందు నిర్వాహకులకి ఒక మెయిల్ పెట్టాను. అడిగినవి రెండే. ఈ అబ్‌స్ట్రాక్ట్ ప్రొసీడింగ్స్‌లో ప్రచురిస్తారా, లేక సమావేశం వరకేనా? టెంప్లేట్‌లో పైన ఉండే అబ్‌స్ట్రాక్ట్ పేరా పెట్టి తీరాలా? మొదటి ప్రశ్న చాలా ముఖ్యం. ప్రొసీడింగ్స్‌లో వస్తే అది ప్రచురణ కిందే లెక్క. రేపు పూర్తి పేపర్ జర్నల్‌కి పంపినప్పుడు ఇందులో కొత్త ఏముందని అడుగుతారు. జవాబు రావడానికి వారం దాటింది. ప్రొసీడింగ్స్‌లో వేయాలా వద్దా అన్నది రచయితల ఇష్టమేనని, పై పేరా తప్పనిసరి కాదని రాశారు. మేం వెళ్ళాలనుకున్న జర్నల్ నియమాలు మా గైడ్ సార్ చదివి చూశారు. ముందు వచ్చిన అబ్‌స్ట్రాక్ట్ గురించి కవర్ లెటర్లో చెప్పి, పేపర్లో దాన్ని ఉదహరిస్తే అభ్యంతరం లేదని ఉంది. సరే, వేయించుకుందాం అనుకున్నాం. ఏ జర్నల్‌కి ఆ జర్నల్ నియమం వేరు కాబట్టి ఇది ఎవరికి వాళ్ళు చూసుకోవాల్సిందే.

ఈలోగా మాతో కలిసి రాసిన ఒకాయన తనే ఒక కూర్పు చేసి పంపారు. ఆయన పద్ధతి సూటిగా ఉంది. పన్నెండు రెండయింది కాబట్టి ప్రతి సెక్షన్‌నీ ఆరో వంతుకి తగ్గించారు. ఉపోద్ఘాతం రెండు పేరాలు, పాత పరిశోధన ఒక పేరా, నెట్‌వర్క్ ఒక పేరా, ప్రయోగాలు మూడు పేరాలు. కొలత ప్రకారం సరిగ్గా పట్టింది, వంక పెట్టడానికి లేదు. దాన్ని ప్రింటు తీసి ల్యాబ్‌లో మా జూనియర్ చేతిలో పెట్టాను. ఈ పని గురించి అతనికి ముందు ఏమీ తెలియదు. చదివి, వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పి అడిగాడు.

“అక్కా, ఇంతకీ మీరు కనిపెట్టింది ఏంటి?”

“మూడు విషయాలున్నాయిరా, మొదటి పేరా చివర రాసుంది చూడు.”

“ఉన్నాయక్కా. కానీ ఒక్కదానికీ రుజువు కనబడలేదు. రొదలో పనిచేస్తుందని ఒక వాక్యముంది. ఎంత రొదలో? దేంతో పోలిస్తే?”

అతనన్నది నిజం. పూర్తి పేపర్లో రొద గురించి ఒక పెద్ద పట్టిక, రెండు బొమ్మలు ఉన్నాయి. కుదింపులో అవి పోయి, వాటి మీద ఆధారపడిన వాక్యం మాత్రం మిగిలింది. నెట్‌వర్క్ సంగతీ అంతే. ఏ భాగం తీసేస్తే ఎంత తేడా వస్తుందో చూపే పట్టిక పోయింది, ఆ భాగం చాలా ముఖ్యమన్న మాట ఉండిపోయింది. వివరాలకు పూర్తి పేపర్ చూడండి అని రాసుకునే వీలు కూడా లేదు. ఆ పేపర్ ఇంకా ఎక్కడా రాలేదు, పైగా ఇక్కడ రివ్యూ పేర్లు దాచి చేసేది. రివ్యూ చేసేవాళ్ళకి ఈ రెండు పేజీలే లోకం. అనుబంధం జతచేయొచ్చు గానీ దాన్ని చదవాలన్న రూలు వాళ్ళకి లేదని కాల్‌లోనే ఉంది.

దాంతో ముగ్గురం కూర్చుని ఒక మాట అనుకున్నాం. రుజువుని కోసి వాదనని ఉంచడం కాదు, రుజువు పట్టని వాదననే తీసేద్దాం. మూడు విషయాల్లో ఏది రెండు పేజీల్లో రుజువుతో సహా నిలబడుతుంది? నెట్‌వర్క్ నిలబడదు. దాని బొమ్మకే అర కాలమ్ కావాలి, పోలికల పట్టికకి ఇంకో అర. రొద ప్రయోగాలదీ అదే కథ. డేటా పంపకం మాత్రం నిలబడుతుంది. ఒకే మోడల్, ఒకే డేటా, రెండు రకాల పంపకం, ఒక బొమ్మ, ఒక చిన్న పట్టిక. చూడగానే అర్థమవుతుంది.

ఇక్కడ నాకు మనసొప్పలేదు. నెట్‌వర్క్ మీద పెట్టిన కష్టమే ఎక్కువ. పంపకం సంగతి పూర్తి పేపర్లో ఎనిమిదో పేజీలో ఒక ఉపశీర్షిక కింద ఉంటుంది, అంతే. సార్ మాత్రం తేల్చేశారు. “నెట్‌వర్క్ ఎక్కడికీ పోదమ్మా, జర్నల్లో ఉంటుంది. పోస్టర్ ముందు నిలబడిన మనిషి రెండు నిమిషాల్లో పట్టుకెళ్ళేది ఏదో అది రాయి.” రెండు మూడు రోజులు నాకది మింగుడుపడలేదు. పాత ఫైల్ తెరిచి, నెట్‌వర్క్ పేరా ఒకటన్నా ఎక్కడో ఇరికిద్దామని చూసి, మళ్ళీ మూసేసేదాన్ని.

ఆ తర్వాత పాత ఫైల్లోంచి కోయడం మానేసి ఖాళీ ఫైల్ తెరిచాను. పేజీల్లో కాదు, మాటల్లో కాదు, లైన్లలో లెక్క వేసుకున్నాను. మా టెంప్లేట్‌లో ఒక నిండు కాలమ్‌లో 58 లైన్లు పడతాయి. రెండు పేజీలకు నాలుగు కాలమ్‌లు, అంటే దాదాపు 230 లైన్లు. శీర్షిక, దాని కింద రచయితల చోటు రెండు కాలమ్‌ల మీదుగా ఉంటాయి కాబట్టి అవి తినేది రెండింతలు. పన్నెండు లైన్ల ఎత్తు ఉంటే పోయేది ఇరవై నాలుగు. ఒక కాలమ్ వెడల్పు బొమ్మ, కింద వివరణ, చుట్టూ ఖాళీ కలిపి పదిహేడు. చిన్న పట్టిక పది. ఎనిమిది రిఫరెన్సులు చిన్న అక్షరాల్లో ఉన్నా ఇరవై దాకా. సెక్షన్ శీర్షికలు, వాటి పైనా కిందా ఖాళీ కలిపి పది. మిగిలేవి నూట యాభై లైన్లు. లైనుకి ఎనిమిది మాటల చొప్పున పన్నెండు వందల మాటలు. ఈ అంకె ముందే చేతిలో ఉండేసరికి నా టెన్షన్ సగం తగ్గింది. ఇంట్లో ఉన్న డబ్బు ఎంతో తెలిశాక సరుకుల చీటీ రాసుకున్నట్టు ఉంది.

నూట యాభైలో సమస్యకి పాతిక, డేటాకీ పంపకానికీ నలభై, మోడల్‌కి పదిహేను, ఫలితాలకి నలభై, పరిమితులకి పదిహేను ఇచ్చాను. మిగతా పదిహేను ఖాళీగా ఉంచాను, దాని సంగతి తర్వాత చెప్తాను. పాత పరిశోధనకి విడిగా సెక్షనే లేదు. పూర్తి పేపర్లో నలభై మూడు రిఫరెన్సులు. వాటిని ఎనిమిదికి తేవడం అనుకున్నంత బాధ పెట్టలేదు, ఎందుకంటే ప్రశ్న మారింది. ఈ రంగంలో ఎవరెవరు పనిచేశారు అనేది కాదు, నేను రాసిన ఏ వాక్యం ఈ పేపర్ లేకపోతే కూలిపోతుంది అని చూశాను. డేటా ఎక్కడిది, మోడల్ ఎవరిది, ఇలాంటి పంపకం మీద ముందు ఎవరు హెచ్చరించారు, అంతే మిగిలాయి. ఐఈఈఈ శైలిలో రచయితలు ఆరుగురు దాటితే మొదటి పేరు రాసి మిగతావాళ్ళని ఎట్ ఆల్‌తో ముగించొచ్చు, జర్నల్ పేర్లు పొట్టి రూపంలోనే రాయాలి. మా ఫైల్లో రెండూ పాటించని రిఫరెన్సులు కొన్ని ఉన్నాయి. సరిచేస్తే మూడు లైన్లు ఊరికే కలిసొచ్చాయి.

అసలు కష్టం వాక్యాల దగ్గర. పూర్తి పేపర్లో డేటా పంపకం గురించిన పేరా ఇలా మొదలవుతుంది: “పై విభాగంలో చర్చించిన అంశాల నేపథ్యంలో, శిక్షణ, పరీక్ష సమితుల విభజన విధానం ఫలితాలపై ప్రభావం చూపుతుందా అన్న ప్రశ్నను పరిశీలించడానికి మేము రెండు వేర్వేరు విధానాలను పోల్చాము.” అబ్‌స్ట్రాక్ట్‌లో అది ఇలా తేలింది: “ఒకే బేరింగ్ ముక్కలు ట్రైనింగ్‌లోనూ టెస్ట్‌లోనూ ఉంటే ఒక స్కోరు వస్తుంది, ఉండకపోతే వేరే స్కోరు వస్తుంది, ఆ తేడానే కొలిచాం.” చిన్నదయిందని కాదు, మొదటిది ఏం చేయబోతున్నామో చెప్తుంది, రెండోది చేసింది చెప్తుంది. పూర్తి పేపర్లో దారి చూపించే వాక్యాలు చాలా ఉంటాయి: ఈ విభాగంలో ఫలానాది వివరిస్తాం, తర్వాతి విభాగంలో ఫలానాది చూస్తాం అని. రెండు పేజీల్లో దారి తప్పడానికి చోటే లేదు కాబట్టి వాటన్నిటినీ ఎత్తేశాను. ముగింపు సెక్షన్ కూడా తీసేశాను. రెండు నిమిషాల కిందట చదివిందాన్ని మళ్ళీ చెప్పడమెందుకు? దాని స్థానంలో పరిమితులు రాశాం: ఒకే రకం బేరింగ్, లోపాలు మేం కావాలని చేసినవే, సహజంగా అరిగినవి కావు. సార్ ఈ పేరా మీద పట్టుబట్టారు. చోటు లేదని దీన్ని కోస్తే రివ్యూలో మొదటి దెబ్బ అక్కడే తగులుతుందన్నారు.

బొమ్మ దగ్గర ఒక రోజంతా పోయింది. పాత బొమ్మ రెండు కాలమ్‌ల వెడల్పుకి, అంటే ఏడు అంగుళాలకి గీసింది. దాన్ని మూడున్నర అంగుళాల కాలమ్‌లో పెడితే బొమ్మ సగమైంది, దాంతోపాటు అందులోని అక్షరాలూ సగమయ్యాయి. ఎనిమిది పాయింట్లది నాలుగు పాయింట్లయింది. స్క్రీన్ మీద జూమ్ చేసుకుంటే బాగానే ఉంటుంది, ప్రింటులో చీమల బారే. అందుకే కుదించలేదు, మొదటి నుంచీ 3.4 అంగుళాల వెడల్పుకే మళ్ళీ గీశాను. ఆరు గీతలున్న చోట రెండే ఉంచాను. ఏ రంగు గీత దేనిదో చెప్పే పెట్టె తీసేసి, గీత పక్కనే దాని పేరు రాశాను. అలా బొమ్మ ఎత్తు కూడా అర అంగుళం తగ్గింది, అంటే మూడు లైన్లు.

ఫిబ్రవరి 24కి రెండు పేజీలు నిండాయి. నిండడమంటే, ఖాళీగా ఉంచాల్సిన పదిహేను లైన్లూ కలిపి లెక్కేస్తే మూడో పేజీలో ఏడు లైన్లు వేలాడుతున్నాయి. అక్కడ వాడుకున్న చిట్కా మాత్రం అందరికీ పనికొస్తుంది. ప్రతి పేరా చివరి లైను చూడాలి. ఒకటో రెండో మాటలే ఉన్న లైను కనిపిస్తే, ఆ పేరాలో ఎక్కడో ఒక మాట తగ్గిస్తే చాలు, లైను మొత్తం పోతుంది. పేరా మధ్యలో పది మాటలు కోసినా చివరి లైను పొడుగ్గా ఉంటే ఒక్క లైనే తగ్గుతుంది. పేజీలో అలాంటి తోకలు ఎన్ని ఉన్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. వాటిలో ఐదు మాట మార్చగానే పోయాయి. మిగతా రెండింటికి పేరా చివర లేటెక్ కమాండ్ `\looseness=-1` పెట్టాను. అది లైన్ల మధ్య ఎడం మార్చదు, ఆ పేరాని ఒక లైను తక్కువలో సర్దగలవేమో చూడమని అడుగుతుంది, అంతే. ఒకచోట సర్దింది, ఇంకోచోట సర్దలేదు. అక్కడ నేనే వాక్యం తిరగరాశాను. `\vspace` లో మైనస్ అంకెలు పెట్టి ఖాళీని కుదించడం మాత్రం కాల్‌లో పేరు పెట్టి మరీ వద్దన్నారు.

27 రాత్రి అప్‌లోడ్ చేస్తే, ఫైల్‌ని తనిఖీ చేసే సిస్టమ్ తిప్పికొట్టింది. కారణం ఫాంట్లట. పేజీల లెక్క కాదు, మార్జిన్లు కాదు. మేం బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ పీడీఎఫ్‌లో మామూలుగా టైప్ 3 ఫాంట్లు పెడుతుంది, అవి చాలా కాన్ఫరెన్సులు ఒప్పుకోవు. `pdffonts` తో చూస్తే ఫైల్లో టైప్ 3 ఎక్కడుందో తెలిసిపోతుంది. మందు ఒకటే లైను, బొమ్మ గీసే ముందు పెట్టాలి:

```python
plt.rcParams["pdf.fonttype"] = 42
```

బొమ్మ మళ్ళీ గీసి, మళ్ళీ కంపైల్ చేసి పంపితే తీసుకుంది. శీర్షిక కూడా ఆ రాత్రే మార్చాం. పూర్తి పేపర్ శీర్షికే ఉంచితే రేపు రెండూ వచ్చాక ఎవరు దేన్ని ఉదహరించారో తెలియదని సార్ గుర్తుచేశారు.

తర్వాత ఎదురుచూపు. మార్చి అంతా ఏమీ లేదు. ఏప్రిల్ 18న ఫలితం వచ్చింది, పోస్టర్‌గా తీసుకున్నారు. ముగ్గురు రివ్యూ చేశారు. ఒకరు రెండు లైన్లలో బాగుందని ఊరుకున్నారు. రెండోవాళ్ళు, రెండు పంపకాల్లోనూ మోడల్ సెట్టింగులు విడివిడిగా ట్యూన్ చేశారా అని అడిగారు. సరైన ప్రశ్న. పూర్తి పేపర్లో దానికి ఒక పేరా ఉంది. మూడోవాళ్ళు, ప్రయోగం ఒక్కసారే చేశారా, మళ్ళీ మళ్ళీ చేస్తే ఎంత అటూ ఇటూ అవుతుంది అని అడిగారు. ఇంకో మాట కూడా రాశారు: కొత్త నెట్‌వర్క్ ఏదీ లేకపోవడం ఊరటగా ఉందని! అది చదివి సార్ నవ్వారు. నేను కాస్త ఆలస్యంగా నవ్వాను.

ఇక తుది ప్రతి. గడువు మే 5, పేజీలు మాత్రం అవే రెండు. రివ్యూలో అడిగింది కలపమంటారు, చోటు ఇవ్వరు. ఖాళీ ఉంచిన పదిహేను లైన్ల సంగతి ఇక్కడే. రివ్యూ కూర్పులో రచయితల చోట అజ్ఞాత అన్న ఒక్క మాట ఉంటుంది. తుది ప్రతిలో నలుగురి పేర్లు, విభాగాలు, మెయిల్ అడ్రసులు వస్తాయి. పైగా నిధులిచ్చినవాళ్ళకి కృతజ్ఞత రాయడం తప్పనిసరి. మేం మొదట్లోనే పేర్లు పెట్టి ఒకసారి కంపైల్ చేసి చూసుకున్నాం కాబట్టి అది ఎంత తింటుందో తెలుసు. రెండు కాలమ్‌ల మీద లెక్కేస్తే అదనంగా పది, కృతజ్ఞతకి శీర్షికతో సహా ఐదు. ఖాళీ అక్కడికి సరిపోయింది.

రివ్యూ ప్రశ్నలకే లైన్లు వెతకాల్సి వచ్చింది. ట్యూనింగ్ జవాబు నాలుగు లైన్లు: రెండు పంపకాలకీ ఒకే పద్ధతిలో, టెస్ట్ బేరింగ్‌లని తాకకుండా ట్యూన్ చేశామని. ప్రయోగం ఎన్నిసార్లు చేశామన్నదానికి విడిగా వాక్యం రాయలేదు. పట్టికలో ప్రతి అంకె పక్కన ప్లస్-మైనస్ వేసి, పట్టిక శీర్షికలో ఐదుసార్ల సగటు అని కలిపాను. దానికి ఒక్క లైను కూడా అదనంగా పట్టలేదు. నాలుగు లైన్ల కోసం బొమ్మ కింది వివరణ చూస్తే, పేరాలో చెప్పిందే అక్కడా ఉంది. పేరాలోది తీసేశాను, వివరణలోది ఉంచాను. పోస్టర్ ముందు నిలబడేవాళ్ళయినా, పేజీ తిప్పేవాళ్ళయినా ముందు చూసేది బొమ్మనీ దాని కింద మాటల్నే.

ఖర్చు సంగతి ఒకటుంది, ముందు ఎవరూ చెప్పలేదు. రెండు పేజీలకైనా పూర్తి పేపర్‌కైనా రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటే. ప్రొసీడింగ్స్‌లో రావాలంటే నలుగురిలో ఒకరు తప్పకుండా కట్టాలి, అదీ తుది ప్రతితోపాటే. విద్యార్థి రాయితీతో కడితే అది ప్రచురణకి లెక్కలోకి రాదన్న నిబంధన ఫారం నింపుతుంటే కనబడింది. చివరికి సార్ పేరు మీద పూర్తి ఫీజు కట్టాల్సి వచ్చింది. ఇది కూడా ఆ మొదటి మెయిల్లోనే అడగాల్సిన ప్రశ్న.

జూన్‌లో పూర్తి పేపర్ జర్నల్‌కి పంపాం. కవర్ లెటర్లో అబ్‌స్ట్రాక్ట్ సంగతి చెప్పి, నెట్‌వర్క్, రొద ప్రయోగాలు అందులో లేవని రెండు వాక్యాల్లో రాశాం. బొమ్మ కూడా జర్నల్ కోసం వేరేగా గీశాను, అదే బొమ్మ రెండు చోట్లా ఉంటే అనుమతి కాగితాలు అడగొచ్చు కాబట్టి. పంపే ముందు ఇంకొక్క మార్పు చేశాం: ఎనిమిదో పేజీలో ఉన్న డేటా పంపకం సంగతి ఇప్పుడు మూడో పేజీలో, సొంత శీర్షిక కింద ఉంది. ఎడిటర్ దగ్గర నుంచి ఇంకా కబురు రాలేదు.